అరవై కిస్తీలు కట్టినా ఆఖరి తేదీ రాలేదట!

పోయిన నెల మన మండల కమిటీ సమావేశంలో నేను పోస్టాఫీసు ఆర్‌డీ సంగతి ఎత్తగానే ఒక పెద్ద మనిషి నవ్వాడు. "మద్దతు ధర, పోడు పట్టాలు, మిర్చి బకాయిలు ఉండగా నెలకు ఐదొందల ఆర్‌డీ గొడవ రైతు సంఘానికెందుకయ్యా" అన్నాడు. "ఫైను పడితే ఐదు రూపాయలు. టీ తాగినట్టనుకో" అని ఇంకొకాయన అందుకున్నాడు. వాళ్లిద్దరికీ అక్కడే జవాబు చెప్పాలనుకున్నాను. చెబితే గంట పట్టేట్టు ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా లెక్క ప్రకారం పోయింది ఐదు రూపాయలు కాదు. పదహారు వందల పైమాట. అదీ ఫైను పేరుతో కాదు, తేదీ పేరుతో పోయింది. పోగొట్టుకున్నది మా వదిన.

మాది గోదావరి ఒడ్డు, దుమ్ముగూడెం మండలం. వదినకు ఎకరంన్నర పత్తి, అర ఎకరం మిర్చి. వేసవిలో తునికాకు కోస్తుంది. 2020 జూన్ 10న పోస్టాఫీసులో నెలకు 500 రూపాయల చొప్పున ఐదేళ్ల ఆర్‌డీ తెరిచింది. అప్పుడు వడ్డీ 5.8 శాతం. ఖాతా తెరిచిన రోజున ఏ వడ్డీ ఉందో ఐదేళ్లూ అదే నడుస్తుంది. 2023 అక్టోబరు నుంచి కొత్తవాళ్లకు 6.7 శాతం ఇస్తున్నా వదిన ఖాతాకు 5.8 శాతమే. సరే, అది ముందే తెలిసిన ఒప్పందం, దాంతో పేచీ లేదు. పేచీ తేదీలతోనే.

ఆర్‌డీలో మూడు తేదీలు ఉంటాయి. మన వాళ్లలో చాలామంది ఈ మూడింటినీ ఒకటే అనుకుంటారు. ఖాతా తెరిచిన తేదీ ఒకటి. నెలనెలా కిస్తీ కట్టడానికి ఆఖరి గడువు రెండోది. డబ్బు చేతికొచ్చే మెచ్యూరిటీ తేదీ మూడోది. వదిన 10వ తారీఖున తెరిచింది కాబట్టి ప్రతి నెలా 10లోపే కట్టాలని రెండేళ్లు పరుగులు పెట్టింది. అంత పరుగు అక్కర్లేదు. నెలలో 1 నుంచి 15 మధ్య తెరిచిన ఖాతాకు ప్రతి నెలా 15 దాకా గడువుంటుంది. 16 నుంచి నెలాఖరు మధ్య తెరిస్తే, ఆ నెల చివరి పనిదినం దాకా కట్టొచ్చు. చివరి పనిదినం అన్నారు గానీ చివరి రోజు అనలేదు. 31 ఆదివారమైతే శనివారంతోనే గడువు తీరిపోతుంది. 15 వాళ్లకు ఆగస్టులో జెండా పండుగ సెలవు అడ్డొస్తుంది కాబట్టి 14న కట్టేయడమే క్షేమం.

గడువు దాటితే నూటికి రూపాయి ఫైను. వదినది 500 ఖాతా కాబట్టి ఐదు రూపాయలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ ఫైను రోజుల లెక్కన పడదు, నెల లెక్కన పడుతుంది. 16న కట్టినా, 30న కట్టినా అదే ఐదు రూపాయలు. ఒక్క రోజు ఆలస్యమైనవాడిని, పదిహేను రోజులు ఆలస్యమైనవాడిని ఒకే గాటన కడతారు. పాస్ పుస్తకంలో ఆ నెలకు "తప్పిన కిస్తీ" అని లెక్క పడిపోతుంది. బ్యాంకుల్లో ఆర్‌డీ అయితే ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. నేను రాసేది పోస్టాఫీసు సంగతే. మన ఊళ్లలో నూటికి తొంభై మంది దగ్గరున్నవి ఆ పుస్తకాలే కదా.

ఇప్పుడు 2022 జూలైకి వద్దాం. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ నెల రెండో వారంలోనే అది దాటింది. 16వ తారీఖున 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత మన తరం చూసిన పెద్ద వరద అదే. భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. దుమ్ముగూడెం, చర్ల వైపు దారి నీట మునిగింది. వదిన వాళ్లు పిల్లల్ని, మేకల్ని పట్టుకుని పునరావాస కేంద్రంలో ఉన్నారు. ఆ వారంలోనే 15వ తారీఖు వచ్చింది, పోయింది.

నీళ్లు తీశాక బురద ఎత్తుకుని, 25న పోస్టాఫీసుకు వెళ్లి జూలై కిస్తీ కట్టింది. ఐదు రూపాయల ఫైను వేశారు. అక్కడున్న ఉద్యోగిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కంప్యూటర్ ఫైను అడుగుతుంటే ఆయనేం చేస్తాడు? ఆయన ఇల్లూ మునిగే ఉంటుంది. నేనడిగేది ఢిల్లీలో ఆ రూలు రాసినవాళ్లను. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు, జనం బయటికి రాలేరు కాబట్టి లాక్‌డౌన్ నెలల కిస్తీలను ఫైను లేకుండా జూన్ 30 దాకా కట్టుకోవచ్చని ఆదేశాలిచ్చారు. మంచి పని. అంటే గడువు దేవుడు రాసింది కాదని, అవసరమైతే జరపవచ్చని వాళ్లే చూపించారు. పట్నాలు మూతపడితే జరిగిన గడువు, మండలాలు మునిగితే ఎందుకు జరగదు? గోదావరికి ఎన్ని అడుగులు వస్తే ఏ ఊరు మునుగుతుందో ప్రభుత్వం దగ్గరే జాబితా ఉంది. మూడో హెచ్చరిక ఎగిరిన నెలలో ఆ మండలాల ఆర్‌డీలకు ఫైను వేయకూడదని ఒక్క వాక్యం రాయడానికి ఖజానా ఏమీ ఖాళీ కాదు.

"సరే, ఐదు రూపాయలే కదా" అంటారు. ఫైను చిన్నదే. కానీ తప్పిన కిస్తీ అక్కడితో ఆగదు. వరుసగా నాలుగు కిస్తీలు తప్పితే ఖాతా నిలిచిపోతుంది. నాలుగోది తప్పిన దగ్గర నుంచి రెండు నెలల్లో పాత బాకీలు, ఫైను కట్టి బతికించుకోవాలి. ఆ రెండు నెలలూ దాటితే ఆ ఖాతాలో ఇంక ఒక్క రూపాయి కట్టనివ్వరు. మధ్యలో పాత కిస్తీలు వదిలేసి ఈ నెలది మాత్రం కడతానంటే కుదరదు. ముందు తప్పినవి ఫైనుతో కట్టాలి, తర్వాతే ఈ నెలది.

ఈ నాలుగు ప్లస్ రెండు లెక్కను మన పంటల క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. జూలైలో వరద, నాట్లు. ఆగస్టులో ఎరువులు. సెప్టెంబరులో పురుగు మందులు. అక్టోబరులో కూలీలకు పెట్టాలి, పత్తి ఇంకా చేతికి రాలేదు. సరిగ్గా నాలుగు నెలలు. మిగిలిన రెండు నెలలు నవంబరు, డిసెంబరు. పత్తి రైతు మొదటి ఏరుడు అమ్ముకుని ఎట్లాగో ఒడ్డున పడతాడు. మిర్చి రైతు సంగతేంటి? ఖమ్మం మార్కెట్‌కు మన మిర్చి ఎక్కువగా వెళ్లేది ఫిబ్రవరి, మార్చిలో. వాడి చేతికి డబ్బు వచ్చేసరికి ఖాతా నిలిచిపోయి రెండు నెలలైపోతుంది. ఒకటో తారీఖున జీతం పడేవాడిని మనసులో పెట్టుకుని రాసిన రూలు ఇది. ఆ జీతగాడికి నాలుగు నెలలు తప్పడమంటే నిర్లక్ష్యం. మనకు నాలుగు నెలలంటే ఒక పంట కాలంలో సగం.

మా పక్కింటాయన ఖాతా అట్లాగే నిలిచిపోయింది. అందులో పద్నాలుగు కిస్తీలున్నాయి. ఆయనకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. తప్పిన కిస్తీలు నాలుగుకు మించకపోతే, ఎన్ని నెలలు తప్పాయో అన్ని నెలలు ఖాతా గడువు పొడిగించమని అడిగే హక్కు మనకుంది. ఆ పెరిగిన నెలల్లో తప్పిన కిస్తీలు కట్టుకోవచ్చు. అప్పుడు మెచ్యూరిటీ తేదీ కూడా అన్ని నెలలు పెరుగుతుంది. అడిగితేనే ఇస్తారు. అడగాలని తెలియాలి కదా.

ఏజెంటమ్మల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటింటికీ వచ్చి ఆర్‌డీ కిస్తీలు వసూలు చేసే మహిళా ఏజెంట్ల వల్లే మన ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు నిలుస్తున్నాయి, అది కాదనను. వాళ్లకొచ్చే కమీషన్ కూడా ఏమంత కాదు. కానీ మనం 12న ఆమె చేతిలో డబ్బు పెడితే 12న కట్టినట్టు కాదు. ఆమె పోస్టాఫీసులో జమ చేసిన రోజే లెక్క. ఆమె ఇచ్చే కార్డులో 12 అని రాసి ఉండొచ్చు, పోస్టాఫీసు లెక్కలో 17 అని ఉండొచ్చు. కార్డు చూసి ధీమాగా ఉండకండి. మూడు నెలలకోసారైనా పాస్ పుస్తకంలో ఎంట్రీ వేయించి, జమ తేదీల వరస చూసుకోండి. ఫైను పడి ఉంటే అక్కడ కనిపిస్తుంది. చెక్కుతో కట్టేవాళ్లకు కూడా ఇదే. చెక్కు ఇచ్చిన రోజు కాదు, అది పాసైన రోజే జమ అయినట్టు.

ఇక అసలు సంగతి. వదిన ఆ ఒక్క జూలై తప్ప ఐదేళ్లూ గడువు తప్పలేదు. పస్తులుండి కట్టిన నెలలు ఉన్నాయి. మొదటి కిస్తీ ఖాతా తెరిచిన రోజే, 2020 జూన్‌లో కట్టింది కాబట్టి అరవయ్యో కిస్తీ 2025 మే నెలలో వచ్చింది. మే 14న అదీ కట్టేసి, పాస్ పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "మరిదీ, అరవై అయిపోయినయ్. ఈసారి విత్తనాలకు షావుకారు గడప తొక్కను" అంది. ఆ మాట నాకు ఇంకా చెవిలో ఉంది. ఎందుకంటే నేను కూడా అరవై కట్టాక అయిపోయినట్టే అనుకున్నాను. పుస్తకం తెరిచి తేదీ చూడలేదు. ఆ తప్పు నాది కూడా.

ఆ ఏడు తొలకరి ముందే వచ్చింది. రోహిణి కార్తెలోనే వానలు పడ్డాయి. పత్తి గింజలకు అందరూ ఎగబడ్డారు. వదిన మే 28న పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు ఇమ్మని అడిగింది. కిస్తీలన్నీ కట్టావు గానీ ఇంకా మెచ్యూరిటీ కాలేదు, కావాలంటే ఖాతా మూసేసి తీసుకో అన్నారట. ఆమె సంతకం పెట్టింది. చేతికి రావాల్సింది సుమారు 34,848 రూపాయలు. వచ్చింది 33 వేల పైచిలుకు. వడ్డీలో 1,600 పైన కోసుకుపోయింది.

ఎందుకట్లా? మెచ్యూరిటీ తేదీ అరవయ్యో కిస్తీ కట్టిన రోజు కాదు. ఖాతా తెరిచిన తేదీ నుంచి నిండా ఐదేళ్లు గడిచిన రోజు. అంటే వదినకు 2025 జూన్ 10. ఆఖరి కిస్తీకి, ఆఖరి తేదీకి మధ్య ఎప్పుడూ దాదాపు నెల రోజుల ఎడం ఉంటుంది. మూడేళ్లు నిండిన ఖాతాను మధ్యలో మూసుకోవచ్చు గానీ, మెచ్యూరిటీకి ఒక్క రోజు ముందు మూసినా ఆర్‌డీ వడ్డీ రాదు. మొదటి నెల నుంచీ పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా వడ్డీయే కట్టిస్తారు. అది 4 శాతం. 5.8 శాతం మీద వదినకు రావాల్సిన వడ్డీ సుమారు 4,848 రూపాయలు. 4 శాతం మీద లెక్క కడితే సుమారు 3,200. ఆ తేడాయే పోయింది.

ఇందులో న్యాయమెంతో చూద్దాం. ఆఖరి కిస్తీ కూడా నెల రోజులు నిలవాలి, అప్పుడే దాని వడ్డీ పండుతుంది అంటే ఒప్పుకుంటాను. 13 రోజులు ముందు తీసుకుంది కాబట్టి ఆ 13 రోజుల వడ్డీ కోయండి. మొత్తం 34,848 మీద 5.8 శాతం చొప్పున 13 రోజులకు ఎంతవుతుంది? 72 రూపాయలు. న్యాయంగా కోయాల్సింది 72. కోసింది దాదాపు 1,650. పదమూడు రోజుల తొందరకు ఐదేళ్ల కష్టం మీద చెయ్యి వేశారు. మన ఊరి షావుకారు ఇట్లా చేస్తే వాడి దుకాణం ముందు టెంటు వేసి కూర్చునేవాళ్లం. వాడిని పీడకుడనేవాళ్లం. ఇక్కడ మాత్రం "రూలు" అంటే నోరు మూసుకుంటున్నాం.

ఇంకో మాట చెబితే మీకు కడుపు మండుతుంది. వదిన ఆ రోజు షావుకారు దగ్గరే నూటికి రెండు రూపాయల వడ్డీకి 17 వేలు నెలకు తెచ్చుకుని, జూన్ 10 తర్వాత కట్టేసి ఉంటే ఆమెకయ్యేది 340 రూపాయలు. షావుకారును తప్పించుకోవడానికి ఐదేళ్లు కూడబెట్టిన మనిషి, షావుకారు దగ్గరికి పోకపోవడం వల్ల ఎక్కువ పోగొట్టుకుంది. రైతును అప్పుల వాడి చేతిలో నుంచి బయట పడేస్తామని చెప్పే ప్రభుత్వ పొదుపు పథకంలో ఉన్న తిరకాసు ఇది.

అసలు షావుకారు దాకా కూడా పోనక్కర్లేదు. పోస్టాఫీసులోనే ఇంకో దారి ఉంది. ఆర్‌డీ తెరిచి ఏడాది నిండి, పన్నెండు కిస్తీలు కట్టి ఉంటే, ఖాతాలో ఉన్న మొత్తంలో సగం దాకా అప్పు తీసుకోవచ్చు. ఖాతా వడ్డీ మీద రెండు శాతం ఎక్కువ వేస్తారు. వదిన ఖాతాకు 7.8 శాతం. ఆమెకు 15 వేల దాకా వచ్చేది. నెల రోజులు వాడుకున్నా వడ్డీ 110 రూపాయలు దాటదు. తిరిగి కట్టలేకపోతే మెచ్యూరిటీ రోజున అసలు, వడ్డీ మినహాయించుకుని మిగతాది ఇస్తారు. ఖాతా మూయాల్సిన పని లేదు, 5.8 శాతం వడ్డీకి ఢోకా లేదు. దీనికి ఒక దరఖాస్తు, పాస్ పుస్తకం చాలు. బ్రాంచి పోస్టాఫీసులో అయితే కాగితం పై ఆఫీసుకు వెళ్లి రావాలి, అందుకే విత్తనం కొనే రోజున కాదు, వారం పది రోజుల ముందే అడగాలి. 1,650కి బదులు 110తో పోయే పని. మూసివేత ఫారం మీద సంతకం పెట్టించుకునే ముందు "అమ్మా, అప్పు తీసుకో, ఖాతా మూయకు" అని ఒక్క మాట చెప్పే బాధ్యత ఎవరికీ లేదా?

మనకు బుద్ధులు చెప్పేవాళ్లు ఇక్కడో మాటంటారు. రూల్సన్నీ రాసే ఉన్నాయి, చదువుకోకపోవడం మీ తప్పంటారు. వదిన పాస్ పుస్తకం నేను తర్వాత చూశాను. మెచ్యూరిటీ తేదీ మొదటి పేజీలో ఒక మూల ఇంగ్లీషులో ఉంది. ప్రతి నెలా ఎన్నో తారీఖు దాకా గడువుందో ఎక్కడా లేదు. ముందుగా మూస్తే ఏమవుతుందో లేదు. అప్పు సంగతి లేదు. తెలుగులో నాలుగు ముక్కలు ముద్రించలేని పుస్తకం ఇచ్చి, చదవలేదని ఆమెను అంటున్నారు. కోయ, కొండరెడ్డి గూడేల్లో సంగతి ఇంక చెప్పేదేముంది.

అయితే మనం చేసుకోగలిగింది కొంత ఉంది. అది చెప్పకుండా పాలకుల మీద మాత్రమే విరుచుకుపడితే పక్కింటాయనకు ఒరిగేది లేదు.

మిర్చి డబ్బు చేతిలో ఉన్నప్పుడే వరద నెలల కిస్తీలు ముందుగా కట్టేయొచ్చు. మార్చిలో ఆరు కిస్తీలు ఒకేసారి కడితే, మార్చి నుంచి ఆగస్టు దాకా గోదావరి ఎన్ని అడుగులొచ్చినా ఖాతాకు ఢోకా లేదు. పైగా ఆరు కిస్తీలు ముందు కట్టినందుకు నూటికి పది రూపాయల చొప్పున తగ్గింపు ఇస్తారు. 500 ఖాతాకు 50 రూపాయలు. పన్నెండు కిస్తీలు ఒకేసారి కడితే నూటికి నలభై, అంటే 200 రూపాయలు. దీనికి ఒక షరతుంది. ముందుగా కట్టిన నెలలు పూర్తయ్యేదాకా ఆ ఖాతాను మధ్యలో మూయనివ్వరు. ఇంకో ఇబ్బంది మనకు తెలిసిందే, మార్చిలోనే పంట రుణం కట్టాలి, దుకాణం బాకీ తీర్చాలి. ఆరు కిస్తీలకు మూడు వేలు పక్కన పెట్టడం అందరివల్లా కాదు. వీలైనవాళ్లకు మాత్రం ఇంతకు మించిన దారి లేదు.

రెండోది, ఖాతా తెరిచే తేదీని మనమే ఎంచుకోవాలి. చాలామంది చేతిలో ఐదొందలు ఉన్న రోజున తెరుస్తారు. అది తప్పు. ఆ తేదీయే ఐదేళ్ల తర్వాత డబ్బొచ్చే తేదీ. జూన్ 10న తెరిస్తే మృగశిరలో వస్తుంది, విత్తనాలు కొనడం అయిపోయాక. ఏప్రిల్ 20న తెరిస్తే రోహిణి కంటే నెల ముందు చేతికొస్తుంది. 16 దాటాక తెరవడంతో నెలనెలా కట్టే గడువు కూడా నెలాఖరు దాకా దొరుకుతుంది. ఒక్క తేదీతో రెండు మేళ్లు.

సంఘం తరఫున మనం పెట్టాల్సిన కోరికలు కూడా ఇందులోంచే వస్తున్నాయి. వరద మూడో హెచ్చరిక వచ్చిన మండలాల్లో ఆ నెల కిస్తీకి ఫైను వద్దు, దాన్ని తప్పిన కిస్తీగా లెక్కించవద్దు. ఖాతా నిలిచిపోయాక బతికించుకునే గడువు రెండు నెలల నుంచి ఆరు నెలలకు పెంచాలి, మిర్చి అమ్ముడయ్యేదాకా. అరవై కిస్తీలూ కట్టినవాళ్లు ఆఖరి నెలలో ఖాతా మూస్తే, ముందు తీసుకున్న రోజుల వడ్డీ మాత్రమే కోయాలి. పాస్ పుస్తకం మొదటి పేజీలో నెల గడువు, మెచ్యూరిటీ తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. మూసివేత ఫారం ఇచ్చే ముందు అప్పు సదుపాయం ఉందని చెప్పి తీరాలి. చివరి రెండూ స్థానికంగానే అయ్యే పనులు. అందుకే ఆ వినతిపత్రం ఖమ్మం పోస్టల్ డివిజన్ సూపరింటెండెంట్‌కు ఇద్దాం. మిగతా మూడూ పోస్టాఫీసు చేతిలో లేవు. ఆర్‌డీ రూల్సు రాసేది కేంద్ర ఆర్థిక శాఖ. 2019 డిసెంబరులో ఇప్పుడున్న పథకాన్ని నోటిఫై చేసింది వాళ్లే. కాబట్టి ఆ కాగితం మన ఎంపీ చేత అక్కడికి చేరాలి. పోస్టుమాస్టరు మీద అరిచి వచ్చి పోరాటం చేశామనుకోవద్దు.

కమిటీలో నవ్విన పెద్ద మనిషికి ఈ లెక్కలన్నీ చూపించాను. ఆయన ఏం మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్లి తన భార్య పాస్ పుస్తకం తెచ్చాడు. అది 22వ తారీఖు ఖాతా. ఆయన ఇన్నాళ్లూ 15 లోపల కట్టించడం కోసం ఏజెంటమ్మతో గొడవ పడుతున్నాడట.

వచ్చే నెల మొదటి ఆదివారం మండల ఆఫీసులో కూర్చుందాం. ఆర్‌డీ ఉన్నవాళ్లంతా పాస్ పుస్తకాలు, ఏజెంటు కార్డులు రెండూ తీసుకుని రండి. 2022 జూలైలోనూ, ఆ తర్వాత వరదల్లోనూ పడ్డ ఫైను ఎంట్రీలు జిరాక్సు తీసి వినతిపత్రానికి జతచేద్దాం. మెచ్యూరిటీ దగ్గరపడ్డవాళ్లు మాత్రం ఆ ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే పుస్తకం తెరిచి తేదీ చూసుకోండి. వదిన కూడా వస్తానంది. కొత్త ఖాతా ఇంకా తెరవలేదు. ఏప్రిల్ 20 దాకా ఆ ఐదొందలు బియ్యం డబ్బాలోనే ఉంటాయంది.